స్నేహితురాలి వ్యాసం మీద కామెంట్ షీట్ ఎలా రాయాలి: ‘దిద్దుబాటు’ వ్యాసం ఉదాహరణగా

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. తెలుగు మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా సార్ ఒకరి వ్యాసం ఇంకొకరికి ఇచ్చి పీర్ రివ్యూ కామెంట్ షీట్ రాయమన్నారు. నాకు వచ్చింది నా రూమ్‌మేట్ వ్యాసం, గురజాడ ‘దిద్దుబాటు’ మీద. మూడు పేజీలు. చదివితే సగం కథే చెప్పినట్టు అనిపిస్తోంది. అలా రాస్తే బాధపడుతుందని టెన్షన్. ‘బాగుంది’ అని వదిలేస్తే సార్ ఊరుకోరు. షీట్‌లో వాదన, ఆధారాలు అని రెండు పెద్ద గళ్ళు ఉన్నాయి. వ్యాసం జత చేస్తున్నాను, తన అనుమతి తీసుకున్నాను. ఎలా రాయాలో చూపిస్తారా?

జవాబు:

వ్యాసం రెండుసార్లు చదివాను. కథ చెప్పడం ఎక్కువైంది అన్న మీ మాట నిజమే. కానీ షీట్‌లో అదే రాస్తే మీ స్నేహితురాలు కథ చెప్పిన పేరాలు రెండు కొట్టేసి, మిగతాది అలాగే ఉంచేస్తుంది. వ్యాసం పొట్టిదవుతుంది తప్ప బాగుపడదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆమె చెప్పదలచుకున్నది ఒకటి, ఆమె చూపించిన ఆధారం చెబుతున్నది ఇంకొకటి. ఆ రెండూ విడిపోయిన చోటు మీద వేలు పెట్టి చూపించగలిగితే మీ షీట్ పని చేసినట్టే.

ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి కాలేజీల్లో తెలుగు చెబుతున్నాను, ఇలాంటి షీట్లు చాలా చూశాను. నేను చదువుకునే రోజుల్లో నా వ్యాసం మీద ఒక తోటి విద్యార్థి ‘విశ్లేషణలో లోతు లేదు’ అని రాసిచ్చాడు. ఆ కాగితం వారం రోజులు నా పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. లోతు ఏ పేరాలో లేదో, ఏ వాక్యం దగ్గర తవ్వాలో నాకు తెలియలేదు. బాధ కన్నా ఆ తెలియకపోవడమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. అందుకే మీ టెన్షన్ గురించి ముందే ఒక మాట. తప్పు చూపించినందుకు తోటివాళ్ళు నొచ్చుకోవడం నేను చూసింది తక్కువ. తప్పు ఎక్కడుందో చెప్పకుండా తీర్పు చెప్పినప్పుడే ఎక్కువ నొచ్చుకుంటారు.

షీట్ ముట్టుకునే ముందు పెన్సిల్ తీసుకోండి. మొదటిసారి ఏ గుర్తూ పెట్టకుండా చదవండి. రెండోసారి ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో ఒక్క అక్షరం వేయండి. కథ చెబుతుంటే ‘క’, తన అభిప్రాయం చెబుతుంటే ‘వా’, కథలోంచి తెచ్చిన మాటనో సంఘటననో పట్టుకుని దాని గురించి మాట్లాడుతుంటే ‘ఆ’. నేను మీ స్నేహితురాలి వ్యాసానికి అలా వేశాను. తొమ్మిది పేరాల్లో ఐదు ‘క’, మూడు ‘వా’, ఒకే ఒక్క ‘ఆ’ వచ్చాయి. ఆ ఒక్క ‘ఆ’ కూడా ఉత్తరం ఎత్తి రాసిన ఆరో పేరా. ఈ లెక్క షీట్‌లో రాయడానికి కాదు. ఏ పేరా దగ్గర ఆగాలో మీకు తెలియడానికి. తొమ్మిదింటి మీదా వ్యాఖ్య రాస్తే ఆమెకు ఏది ముఖ్యమో తెలియదు. మూడు చోట్ల ఆగితే చాలు.

తర్వాత వ్యాసం మూసేసి, ఆమె వాదన ఏమిటో మీ మాటల్లో ఒక్క వాక్యంగా రాయండి. ఇది తేలిక అనిపిస్తుంది, కానీ ఇక్కడే చాలా విషయాలు బయటపడతాయి. నేను రాయబోతే నా చేతికి రెండు వాక్యాలు వచ్చాయి. మొదటి పేరాలో ఆమె ‘దిద్దుబాటు స్త్రీ స్వేచ్ఛను చాటిచెప్పిన కథ’ అంటోంది. చివరి పేరాలో ‘కమలిని తన తెలివితో భర్తను పూర్తిగా మార్చింది’ అంటోంది. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది కమలిని తన కోసం ఏం సంపాదించుకుందో చెప్పాల్సిన వాదన. రెండోది ఆమె భర్త గోపాలరావుకు ఏమైందో చెప్పాల్సిన వాదన. మొదటి దానికి ఆధారం కమలిని దగ్గర వెతకాలి, రెండోదానికి గోపాలరావు మాటల్లో వెతకాలి. రాస్తూ రాస్తూ ఆలోచన మారడం అందరికీ జరిగేదే, అది తప్పు కాదు. చాలాసార్లు చివరి పేరాలో ఉన్నదే అసలు వాదన, మొదటి పేరా రాసేటప్పటికి అది ఇంకా పుట్టి ఉండదు. కాబట్టి వాదన గడిలో మీ మొదటి వ్యాఖ్య ఇదే కావాలి: నేను రెండు వాదనలు విన్నాను, నువ్వు ఏది ఉంచుకుంటావు?

ఇప్పుడు ఆధారాల గడి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, మీ షీట్‌కి విలువ వచ్చేది ఇక్కడే.

కథ మీకు తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేసుకోండి. గోపాలరావు సాని పాట విని ఒంటిగంట రాత్రి ఇంటికి వస్తాడు. తలుపు కొడతాడు. లోపల భార్య ఉండదు, బల్ల మీద ఉత్తరం ఉంటుంది. మీటింగులని చెప్పి రాత్రిళ్ళు బయట తిరుగుతున్న సంగతి తెలిసిందనీ, తాను ఇంట్లో ఉండటం వల్లే కదా భర్త అబద్ధాలాడాల్సి వస్తోందనీ, అందుకే ఆ రాత్రే పుట్టింటికి పోతున్నాననీ అందులో ఉంటుంది. గోపాలరావు కుంగిపోతాడు, నౌకరు రాముణ్ణి లేపుతాడు, వెళ్ళి ఆమెను బతిమాలి తీసుకురమ్మంటాడు. చివర మంచం కింద నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది. ఆమె ఎక్కడికీ పోలేదు.

మీ స్నేహితురాలు ఆరో పేరాలో ఉత్తరం మొత్తం ఎత్తి రాసి, దాని కింద ఒకే వాక్యం రాసింది: ‘దీన్నిబట్టి కమలిని ఎంత ధైర్యవంతురాలో తెలుస్తుంది.’ ఉత్తరం ఎనిమిది పంక్తులు, దాని మీద ఆమె మాట ఒక్క పంక్తి. దీన్ని చూసి చాలామంది ‘ఉల్లేఖన మరీ పొడుగైంది’ అని రాస్తారు. అదీ నిజమే కానీ పైపై మాట. ఆ ఒక్క వాక్యాన్ని ఉత్తరం పక్కన పెట్టి చూడండి. ధైర్యం అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అర్ధరాత్రి ఇల్లు వదిలి వెళ్ళిపోవడం ధైర్యమే. కానీ ఆమె వెళ్ళలేదు. వెళ్ళానని రాసింది, మంచం కింద దాక్కుంది. కాబట్టి ఉత్తరం ఆధారంగా నిలబెట్టగలిగేది ధైర్యం కాదు, యుక్తి. ఇంకా దగ్గరగా చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. అబద్ధాలాడుతున్నావని భర్తను తప్పుపట్టిన ఉత్తరంలోనే ఆమె కూడా ఒక అబద్ధం రాసింది. ఇది కమలినిని తక్కువ చేసే విషయం కాదు. ఆమె చేసిన పనిలోని సొగసే అది. ఆ సంగతి వ్యాసంలో లేకపోతే మాత్రం ‘ధైర్యం’ అన్న మాట గాలిలో నిలబడి ఉంటుంది. పరీక్షకుడు ఎవరైనా మొదట అడిగేది ‘మరి ఆమె వెళ్ళలేదు కదా?’ అనే.

అదే ఉత్తరంలో మీ స్నేహితురాలు పట్టించుకోకుండా వదిలేసిన చిన్న మాట ఒకటుంది. ఉత్తరం ‘అయ్యా’ అని మొదలవుతుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ వచ్చిందే అని గోపాలరావు అక్కడే ఆగిపోతాడు. లోపలి విషయం చదవకముందే దెబ్బ తగిలింది. ఒక్క సంబోధనతో భార్య భర్తను దూరం పెట్టింది, అతనికి అది వెంటనే తెలిసింది. మీ స్నేహితురాలి రెండో వాదనకు, అంటే భర్త కదిలాడు అన్నదానికి, ఎనిమిది పంక్తుల కన్నా ఈ ఒక్క మాట గట్టి ఆధారం. నొప్పించకుండా ఉండటమంటే ఇదే అని నా ఉద్దేశం. లేనిది చెప్పి ఊరుకోకుండా, ఆమె చేతిలోనే ఉండి ఆమె చూడనిది చూపించడం. అలాంటిది ప్రతి వ్యాసంలోనూ దొరకదు. దొరికినప్పుడు మాత్రం తప్పక రాయండి.

ఇక మూడో చోటు. ఇది వ్యాసంలో ఉన్నదాని గురించి కాదు, లేనిదాని గురించి. ‘పూర్తిగా మార్చింది’ అన్న చివరి పేరాకు ఎదురు నిలిచే ఘట్టం కథలో ఉంది, వ్యాసంలో లేదు. రాముడితో సంభాషణ అది. గోపాలరావు రాముడికి ఉపన్యాసం ఇస్తాడు. శివుడు పార్వతికి సగం శరీరం ఇచ్చాడంటాడు, ఇంగ్లీషువాడు భార్యను బెటర్ హాఫ్ అంటాడంటాడు. రాముడికి ఇదేదీ ఎక్కదు. కమలినికి ఏం చెబుతావని అడిగితే, ఆడవాళ్ళు యజమాని చెప్పినట్టు వినాలి, లేకుంటే అయ్యగారు కూడా సానిని ఉంచుకుంటారు అని చెబుతానంటాడు. గోపాలరావు మండిపడి కుర్చీలోంచి లేస్తాడు. నవ్వు వినిపించేది ఆ తర్వాతే.

ఈ ఘట్టం ఆమె వాదనకు రెండు వైపులా పనికొస్తుంది. భార్య మగవాడికన్నా దొడ్డది అని గోపాలరావు ఉపన్యాసం ఇచ్చేది ఆ రాత్రే సాని పాట విని వచ్చిన నోటితో. మంచి మాటలు చెప్పడం అతనికి కొత్త కాదు, మీటింగుల పేరు చెప్పుకుని తిరిగినవాడే. కాబట్టి మాటలు విని ‘పూర్తిగా మారాడు’ అనడం కష్టం. పైగా నవ్వుతోనే కథ అయిపోతుంది. మర్నాడు రాత్రి అతను ఇంట్లో ఉన్నాడో లేదో మనకు చూపించలేదు. మరోవైపు, రాముడి నోట తన బుద్ధే మొరటుగా వినిపించేసరికి అతనికి కోపం వచ్చిందంటే, ఎక్కడో తాకిందని కూడా వాదించవచ్చు. ఏ వైపు వెళ్తుందో మీ స్నేహితురాలు తేల్చుకోవాలి. మీరు తేల్చకండి. ‘పూర్తిగా’ అనే మాట ఉంచాలంటే ఈ ఘట్టానికి జవాబు చెప్పక తప్పదు అన్నంత వరకే మీ పని.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవన్నీ చదువుతుంటే మీకే ఒక కొత్త వ్యాసం తట్టవచ్చు. కమలిని కథంతటా కంటికి కనిపించదు, ఉత్తరంగానూ నవ్వుగానూ మాత్రమే ఉంటుంది అన్నది మంచి వ్యాసానికి మొదలు. కానీ అది మీ వ్యాసం. ఆమె షీట్‌లో దాన్ని ‘ఇలా రాయాల్సింది’ అని పెడితే ఆమె తన వాదన వదిలి మీది రాయడానికి కూర్చుంటుంది, రెండూ చెడతాయి. మీరు రాసిన ప్రతి సలహా దగ్గరా ఒకసారి అడగండి: ఇది ఆమె వాదనను నిలబెడుతుందా, దాని బదులు నా వాదనను కూర్చోబెడుతుందా?

చిన్నవి రెండున్నాయి, త్వరగా చెప్పేస్తాను. రెండో పేరాలో ‘తెలుగులో మొట్టమొదటి కథానిక’ అని నిర్ధారణగా రాసింది. ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నాటిది. ఏది మొదటిదన్న చర్చ చాలాకాలంగా ఉంది. వాదనకు ఆ మాట అవసరమే లేదు కాబట్టి తీసేయమని చెప్పండి, లేదా చర్చ ఉన్నదని ఒక వాక్యంలో ఒప్పుకోమనండి. పైగా స్త్రీ స్వేచ్ఛ గురించి రాస్తూ, ఎనిమిదేళ్ళ ముందే ఒక స్త్రీ రాసిన కథను మరిచిపోవడం ఆ వ్యాసానికే అందంగా ఉండదు. రెండోది నాలుగో పేరా. గురజాడ ‘కన్యాశుల్కం’ రాశాడు కాబట్టి, సంస్కరణాభిమాని కాబట్టి, ఈ కథ స్త్రీ స్వేచ్ఛ కథే అంటోంది. రచయిత ఏం నమ్మాడన్నది రచయిత గురించి ఆధారం. కథ ఏం చేస్తోందన్నది కథలోనే చూపించాలి. ఆ పేరా ఉండొచ్చు, కానీ ఆధారంగా కాదు, నేపథ్యంగా.

ఇంకొకటి మీరు చేయాల్సిన పని. ఆమె ఎత్తి రాసిన ఉత్తరాన్ని అచ్చు పుస్తకంతో పోల్చి చూడండి. ఈ కథ సంకలనానికీ సంకలనానికీ పాఠంలో తేడాలున్నాయి. ఫోన్‌లో దొరికిన కాపీలో అచ్చుతప్పులు కూడా ఉంటాయి. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది. ఒక మధ్యాహ్నం చాలు. ఒక్క మాట మీద వాదన నడిపేటప్పుడు ఆ మాట ఏ పుస్తకంలో ఎలా ఉందో చూసుకోవడం తప్పనిసరి. మీరే వెళ్ళి చూసి రాస్తే ఆమెకు అది పెద్ద సాయం.

భాష గురించి. మీరిద్దరూ ఒకే గదిలో ఉంటారు. షీట్‌లో మాత్రం ‘మీరు ఈ అంశమును పరిశీలించవలసియున్నది’ అని మొదలుపెడితే, అదేదో నోటీసు వచ్చినట్టు ఉంటుంది. ‘నువ్వు’ అనే రాయండి. సార్ చదువుతారని భయపడకండి, తోటి విద్యార్థికి రాసేది తోటి విద్యార్థిలాగే ఉండాలి. అయితే తప్పు చెప్పే వాక్యంలో ‘నువ్వు’ను కర్తగా పెట్టకండి. ‘నువ్వు నిరూపించలేదు’ అన్నదానికీ ‘ఆరో పేరా చదివాక నాకు ధైర్యం కనిపించలేదు, యుక్తి కనిపించింది’ అన్నదానికీ చాలా తేడా ఉంది. రెండోదానిలో చదివినవాళ్ళకు ఏం జరిగిందో ఉంది. దాన్ని ఎవరూ కాదనలేరు, ఎవరికీ కోపం రాదు. ‘బాగుంది కానీ’ అన్న జంట కూడా వద్దు. మనవాళ్ళు ‘కానీ’ వినగానే ముందున్నదంతా మర్యాదకు అన్నదే అనుకుంటారు. మెచ్చుకోవాల్సింది ఉంటే దాన్ని విడిగా, దాని చోటు చెప్పి మెచ్చుకోండి. ఈ వ్యాసంలో అలాంటిది ఉంది. ఐదో పేరాలో గడియారం ఒంటిగంట కొట్టడం గురించి ఆమె రెండు వాక్యాలు రాసింది. తలుపు తీసేవాళ్ళు లేని నిశ్శబ్దంలో ఆ ఒక్క చప్పుడే భర్తకు మొదటి మందలింపు అని. అది ఆమె సొంత పరిశీలన, చాలా బాగుంది. విచిత్రమేమంటే దాన్ని కథ చెప్పే పేరాలో పడేసి వదిలేసింది. అందుకే నేనూ మొదట ఆ పేరాకు ‘క’ వేశాను, రెండోసారి చదివినప్పుడు గానీ పట్టుకోలేదు.

ఇప్పుడు షీట్. నేనైతే ఇలా రాస్తాను. మీ మాటల్లోకి మార్చుకోండి, యథాతథంగా ఎత్తకండి.

నాకు అర్థమైన వాదన: మొదటి పేరా చదివాక ఇది కమలిని స్వేచ్ఛ గురించిన వ్యాసం అనుకున్నాను. చివరి పేరాకు వచ్చేసరికి ఇది గోపాలరావు మార్పు గురించి అనిపించింది. నాకు రెండోదే బలంగా ఉంది, ఎందుకంటే నువ్వు ఎంచుకున్న సంఘటనలన్నీ అతని చుట్టూ ఉన్నాయి. నీ మనసులో ఉన్నది అదే అయితే మొదటి పేరాలో దాన్నే చెప్పు. కాదు, స్వేచ్ఛ గురించే అంటే, కమలిని ఈ రాత్రి తన కోసం ఏం గెలిచిందో చూపించే చోటు ఒకటి కావాలి. నాకు అది వ్యాసంలో దొరకలేదు.

నాకు బాగా నచ్చిన చోటు: ఐదో పేరా, గడియారం మీద రెండు వాక్యాలు. కథ పదిసార్లు చదివాను, ఇది నాకు తట్టలేదు. వీటిని కథ మధ్యలోంచి తీసి సొంత పేరాగా పెడితే, నీ వాదనకు మొదటి ఆధారం అదే అవుతుంది.

ఆధారం, ఆరో పేరా: ఉత్తరం తర్వాత ‘ధైర్యవంతురాలు’ అన్న మాట దగ్గర ఆగాను. ఆమె వెళ్ళలేదు కదా, మంచం కిందే ఉంది కదా అనిపించింది. ధైర్యం అనే నువ్వు నమ్మితే, దాక్కోవడం కూడా ధైర్యమే ఎలా అవుతుందో రెండు వాక్యాలు రాయి. లేదా వేరే మాట ఎంచుకో. ఉత్తరం మొత్తం అవసరం లేదనిపించింది. ‘అయ్యా’ అన్న సంబోధన దగ్గర గోపాలరావు ఎలా ఆగిపోయాడో చూశావా? ఆ ఒక్క మాట మీద నాలుగు పంక్తులు రాస్తే ఎనిమిది పంక్తుల ఉత్తరం కన్నా ఎక్కువ పని చేస్తుందని నాకనిపిస్తోంది.

ఆధారం, తొమ్మిదో పేరా: ‘పూర్తిగా మార్చింది’ అన్నప్పుడు నాకు రాముడితో మాటలు గుర్తొచ్చాయి. గోపాలరావు బెటర్ హాఫ్ అని ఉపన్యాసం ఇస్తాడు, అదే రాత్రి సాని పాట నుంచి వచ్చాడు. ఈ ఘట్టం వ్యాసంలో లేదు. చదివేవాళ్ళు దీన్నే అడుగుతారు. దీన్ని తెచ్చి జవాబు చెబితే వాదన గట్టిపడుతుంది. లేదంటే ‘పూర్తిగా’ తీసేసి, ఆ రాత్రికి అతను కదిలాడు అన్నంత వరకు చెప్పినా నిలబడుతుంది.

చిన్న విషయాలు: ‘మొట్టమొదటి కథానిక’ అన్నదాని మీద చర్చ ఉంది, 1902 నాటి ‘ధనత్రయోదశి’ చూడు. నాలుగో పేరా నేపథ్యంగా బాగుంది, ఆధారంగా సరిపోదు. ఉత్తరం పాఠాన్ని అచ్చు పుస్తకంతో పోల్చి తేడాలు విడి కాగితం మీద రాశాను.

నేను నిన్ను అడగాలనుకున్నది: చివరి నవ్వు విని గోపాలరావు ఏమనుకుని ఉంటాడు? నీ వ్యాసం అక్కడే ఆగింది. నాకు అక్కడి నుంచి ఇంకో పేరా చదవాలని ఉంది.

ఇంతే. అచ్చంగా ఒక పేజీ. ఇందులో అక్షరదోషాలు రాయలేదు చూడండి. వ్యాసంలో పదకొండు కనిపించాయి నాకు. వాటిని వ్యాసం కాపీ మీదే పెన్సిల్‌తో దిద్ది ఇచ్చేయండి. షీట్ మీద ఒత్తులూ దీర్ఘాలూ వరసగా రాస్తే ఆమె ముందు అవే సరిచేస్తుంది, అవి అయిపోగానే పని అయిపోయిందనుకుంటుంది. పైగా తిరగరాసేటప్పుడు ఆ పేరాల్లో సగం ఎలాగూ పోతాయి.

ప్రతి వ్యాఖ్యలోనూ చోటు ఉంది, చదివినప్పుడు మీకు ఏమైందో ఉంది, ఆమె ఏం చేయవచ్చో ఉంది. మార్చమన్న పెద్ద చోట్ల రెండేసి దారులు ఇచ్చాను. ఒకే దారి చెబితే అది ఆజ్ఞ అవుతుంది, అయిదారు చెబితే ఆమె తేల్చుకోలేదు. నాకు రెండో దారి దొరకని వ్యాఖ్య ఉంటే సాధారణంగా ఆ వ్యాఖ్య నాకే ఇంకా అర్థం కాలేదని తీసుకుంటాను, వ్యాసం మళ్ళీ చదువుతాను.

ఆమె మీతో ఏకీభవించకపోవచ్చు. ‘దాక్కోవడమే ధైర్యం, అర్ధరాత్రి రోడ్డు మీదికి పోయి ప్రమాదంలో పడటం కాదు’ అనవచ్చు. అప్పుడు మీరు గెలవాలని చూడకండి. ‘ఇదే మాట ఆరో పేరాలో రాయి’ అనండి. మీ వ్యాఖ్య ఆమె చేత ఆ వాక్యం పలికించిందంటే అదే చాలు. తెలుగు విభాగంలో నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇలాగే తోటి విద్యార్థి వ్యాఖ్యతో విభేదించి, ఆ వాదనంతా తిరగరాసిన ప్రతిలో పెట్టింది. వ్యాసంలో అన్నిటికన్నా మంచి పేరా అదే అయింది.

షీట్ ఇచ్చేటప్పుడు అందరి ముందూ బల్ల మీద పెట్టేయకండి. ముందురోజు రాత్రి గదిలో ఇచ్చి, చదువుకోమని మీరు కాసేపు బయటికి వెళ్ళండి. ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఎవరూ సరిగ్గా చదవలేరు. వచ్చాక ఆమె ఏమీ అడగకపోతే మీరు మొదలుపెట్టకండి. అడిగితే మొదట ఐదో పేరా తీయండి. గడియారం గురించి ఆమెతోనే మాట్లాడించండి, ఉత్తరం సంగతి దాని వెనకే వస్తుంది.